ఆరోగ్య బీమా పాలసీని షరతు సడలకుండా తెలుగులోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలూ జవాబులూ ఆరోగ్య బీమా పాలసీలోని రెండు భాగాలకు మాత్రమే సంబంధించినవి. మొదటిది, ఏ ఖర్చులను సంస్థ చెల్లించదో చెప్పే భాగం, అంటే మినహాయింపులు. రెండవది, క్లెయిము కోసం పాలసీదారు ఎప్పుడు ఏమి చేయాలో చెప్పే భాగం. ఉదాహరణలను ‘ఆరోగ్య సంజీవని’ పాలసీ నుంచి తీసుకున్నాము. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు సాధారణ బీమా, ఆరోగ్య బీమా సంస్థలు 2020 ఏప్రిల్ 1 నుంచి ఒకే పాఠంతో అమ్ముతున్న పాలసీ ఇది. మినహాయింపుల వాక్యాలను నియంత్రణ సంస్థ 2019లోనే ప్రామాణీకరించి, ఒక్కోదానికి Excl01 వంటి గుర్తు ఇచ్చింది కనుక, ఇతర ఆరోగ్య పాలసీల్లోనూ ఇవే వాక్యాలు స్వల్ప మార్పులతో కనిపిస్తాయి. గడువులు, మొత్తాలు మాత్రం పాలసీని బట్టీ సంవత్సరాన్ని బట్టీ మారుతుంటాయి. అందువల్ల అనువాదకులు తమ చేతిలో ఉన్న పాలసీలోని అంకెలనే తీసుకోవాలి.

షరతు సడలడం అంటే సరిగ్గా ఏమిటి?

మూలంలోని షరతు కంటే అనువాదంలోని షరతు తేలికగా గాని, కఠినంగా గాని, అస్పష్టంగా గాని మారితే షరతు సడలినట్టే. చాలామంది సంస్థకు నష్టం కలిగించే సడలింపును మాత్రమే తప్పుగా లెక్కిస్తారు. పాలసీదారుకు అనుకూలంగా ఉన్న ఒక చిన్న వాక్యభాగాన్ని వదిలివేయడం కూడా అంతే పెద్ద తప్పు. ఉదాహరణకు, సాహస క్రీడల మినహాయింపు (Excl09) ఆ క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొన్నవారికే వర్తిస్తుంది. అనువాదంలో ‘వృత్తిరీత్యా’ అన్న మాట జారిపోతే, సెలవుల్లో ఒకసారి రాఫ్టింగుకు వెళ్లి కాలు విరగ్గొట్టుకున్న మనిషి తనకు డబ్బు రాదనుకుని క్లెయిమే పెట్టడు. సంస్థ తిరస్కరించని క్లెయిమును అనువాదమే తిరస్కరించినట్టవుతుంది. ఇలాంటి నష్టం ఎవరి లెక్కల్లోనూ నమోదు కాదు కనుక దీని విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

వివాదం వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది కదా, తెలుగు ప్రతిలో ఇంత పట్టుదల ఎందుకు?

రెండింటికీ తేడా వచ్చినప్పుడు మూల పాలసీ పాఠమే చెల్లుతుందని సంస్థలు సాధారణంగా రాసుకుంటాయి. పాలసీతో పాటు ఇచ్చే వినియోగదారు సమాచార పత్రంలో కూడా, ఆ పత్రానికీ పాలసీకీ వైరుధ్యం ఉంటే పాలసీయే చెల్లుతుందని ఉంటుంది. పాలసీదారు కోరితే ఈ పత్రాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. కొత్త రూపంలో ఈ పత్రం 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

అయితే ఏ ప్రతి చెల్లుతుందన్నది వివాదం మొదలైన తరువాత వచ్చే ప్రశ్న. అర్ధరాత్రి ఆసుపత్రిలో నిలబడిన కుటుంబం చదివేది తెలుగు ప్రతినే. ఎంతలోపు ఫోను చేయాలి, ఏ బిల్లులు దాచుకోవాలి, ఏ గది తీసుకోవాలి అన్న నిర్ణయాలను దాని ఆధారంగానే తీసుకుంటుంది. గడువు దాటిన తరువాత ఇంగ్లీషు ప్రతి చూపించినా ఆ గడువు వెనక్కి రాదు. పాలసీలో అస్పష్టత ఉంటే దాన్ని రాసినవారికి వ్యతిరేకంగా అన్వయించాలని మన న్యాయస్థానాలు అనేక తీర్పుల్లో చెప్పాయి. కాబట్టి అస్పష్టమైన తెలుగు ప్రతి సంస్థకు కూడా క్షేమం కాదు.

అనువాదం ఎక్కడ మొదలుపెట్టాలి?

మినహాయింపుల దగ్గర కాక, నిర్వచనాల దగ్గర మొదలుపెట్టాలి. పాలసీలో నిర్వచించిన ప్రతి మాటకూ తెలుగులో ఒకే మాట ఎంచుకుని, పత్రమంతటా దాన్నే వాడాలి. పునరుక్తి అనిపించినా పర్యాయపదాలు వాడకూడదు. ఒకచోట ‘అనారోగ్యం’, మరొకచోట ‘జబ్బు’, ఇంకొకచోట ‘రుగ్మత’ అని రాస్తే, ఇవి మూడు వేర్వేరు విషయాలేమో అన్న సందేహానికి చోటిచ్చినట్టవుతుంది.

మాటల ఎంపికలో రెండు చోట్ల తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. మొదటిది ‘మినహాయింపు’ అన్న మాటే. ఆదాయపు పన్ను, ఫీజులు, బస్సు చార్జీల విషయంలో ఈ మాటకు రాయితీ అన్న అర్థం స్థిరపడిపోయింది. ‘మినహాయింపులు’ అన్న శీర్షిక చూసిన పాఠకుడు తనకు ఏదో లాభం కలిగించే జాబితా కింద ఉందనుకునే ప్రమాదముంది. శీర్షికను ‘ఈ పాలసీ కింద సంస్థ చెల్లించని ఖర్చులు: మినహాయింపులు’ అని పూర్తిగా రాయడం మేలు.

రెండవది ‘ప్రమాదం’. యాక్సిడెంటు అన్న అర్థంలోనూ, అపాయం అన్న అర్థంలోనూ మనం ఈ మాటను వాడుతాము. గుండెపోటు వచ్చిన మనిషిని ‘ప్రమాద స్థితిలో ఉన్నాడు’ అంటాము. పాలసీలో యాక్సిడెంటు అంటే బయటినుంచి వచ్చిన, కంటికి కనిపించే, బలమైన కారణం వల్ల హఠాత్తుగా, ఊహించని విధంగా, తన ఇష్టంతో పని లేకుండా జరిగిన సంఘటన మాత్రమే. కనుక ‘ప్రమాదం’ అన్న మాటను యాక్సిడెంటుకే కేటాయించి, ప్రాణానికి ముప్పు గురించి చెప్పే చోటల్లా ‘ప్రాణాపాయం’ అని రాయాలి. మూలంలో ఈ బలాన్ని చెప్పే violent అన్న మాటకు ‘హింసాత్మక’ అని రాయడం కూడా పనికిరాదు, ఎందుకంటే మెట్ల మీది నుంచి జారిపడటంలో హింస ఏమీ లేదు.

నిర్వచనం ఎంత గట్టిగా పట్టుకుంటుందో 2004లో సుప్రీంకోర్టు యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో చూపింది. అది దొంగతనానికి సంబంధించిన పాలసీ. బలప్రయోగంతో లోపలికి ప్రవేశించి చేసిన దొంగతనమే పాలసీ నిర్వచనంలోకి వస్తుందని, వాడుక భాషలో దొంగతనానికున్న విశాలమైన అర్థాన్ని దానికి అంటగట్టడం కుదరదని న్యాయస్థానం చెప్పింది. నిర్వచనంలోని ఒక్క విశేషణాన్ని అనువాదకుడు వదిలితే, పాలసీదారు సరిగ్గా ఆ విశాలమైన అర్థాన్నే నమ్ముకుంటాడు.

మినహాయింపుకు మళ్లీ మినహాయింపు ఉన్నప్పుడు వాక్యాన్ని ఎలా కట్టాలి?

షరతులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటి 30 రోజుల నియమం (Excl03) చూడండి. దీన్ని తరచుగా ఇలా అనువదిస్తారు: ‘పాలసీ తీసుకున్న 30 రోజుల వరకు ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు బీమా వర్తించదు.’ వినడానికి ఇది సాఫీగా ఉంది, కాని మూడు చోట్ల సడలింది. మూలంలో ఉన్నది మొదటి పాలసీ ప్రారంభ తేదీ. ‘పాలసీ తీసుకున్న’ అంటే ఏటా పునరుద్ధరణ జరిగినప్పుడల్లా మళ్లీ 30 రోజులు ఆగాలేమో అనిపిస్తుంది. ప్రమాదాల వల్ల వచ్చే క్లెయిములు కూడా పాలసీ పరిధిలోకి వచ్చేవైతేనే చెల్లుతాయి, కాని ఆ షరతు మాయమైంది. పన్నెండు నెలలకు మించి నిరంతరాయంగా బీమా ఉన్నవారికి ఈ నియమం వర్తించదన్న వాక్యం కూడా కనిపించడం లేదు.

షరతు చెడకుండా దాన్ని ఇలా రాయవచ్చు:

‘మొదటి పాలసీ ప్రారంభమైన తేదీ నుంచి 30 రోజుల లోపు ఏ అనారోగ్యానికైనా జరిగే చికిత్సకు సంబంధించిన ఖర్చులను సంస్థ చెల్లించదు. ప్రమాదం వల్ల తలెత్తిన క్లెయిములకు, అవి ఈ పాలసీ పరిధిలోకి వచ్చేవైన పక్షంలో, ఈ నియమం వర్తించదు. బీమా పొందిన వ్యక్తికి పన్నెండు నెలలకు మించి నిరంతరాయంగా బీమా ఉన్నట్లయితే కూడా ఈ నియమం వర్తించదు.’

ఇక్కడ ‘తప్ప’ అన్న మాటను కావాలనే వదిలాము. తెలుగు వాక్యంలో ‘తప్ప’ తన ముందున్న మాటల్లో ఎంతవరకు పట్టుకుంటుందో చెప్పడం కష్టం. ఒక చిన్న నామవాచకం పక్కన అది చక్కగా పనిచేస్తుంది. దానికి ముందు నాలుగైదు మాటలు చేరి, వాటి మధ్య ‘లేదా’ కూడా వచ్చిందంటే, ఎక్కడివరకు మినహాయించారో పాఠకుడికి తెలియదు. సాధారణ నియమాన్ని ఒక వాక్యంలో పూర్తి చేసి, ‘ఈ నియమం వర్తించదు’ అన్న సమాపక క్రియతో మరో వాక్యం రాస్తే ఆ సందిగ్ధత ఉండదు.

ఇంకా చిక్కైన నిబంధన ఒకదాన్ని పూర్తిగా చూపగలరా?

కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ నిబంధన (Excl08) ఇందుకు తగిన ఉదాహరణ. అందులో ఒక నియమం, రెండు మినహాయింపు సందర్భాలు, ఒక ధ్రువీకరణ షరతు ఒకే ఊపులో వస్తాయి. చాలా తెలుగు కరపత్రాల్లో అది ఈ ధోరణిలో ఉంటుంది: ‘అందం కోసం చేయించుకునే సర్జరీలకు ఖర్చులు రావు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ ఉంటే వస్తాయి. డాక్టరు సర్టిఫికెట్ కావాలి.’

మూలంలో ‘అందం కోసం’ అన్న ఉద్దేశం లేదు. రూపాన్ని మార్చే ఏ చికిత్సయినా అందులోకి వస్తుంది. తన ఉద్దేశం అందం కాదని వాదించేవారికి ఈ అనువాదం తలుపు తెరుస్తుంది. ‘క్యాన్సర్ ఉంటే వస్తాయి’ అనడం ఇంకా పెద్ద సడలింపు, ఎందుకంటే మూలం అనుమతించేది క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణ చికిత్సను మాత్రమే. క్యాన్సర్ ఉన్న మనిషి చేయించుకునే ప్రతి రూప చికిత్సనూ మూలం అనుమతించలేదు. ఆరోగ్యానికి ముప్పు తొలగించే చికిత్స అన్న రెండవ సందర్భం పూర్తిగా ఎగిరిపోయింది. చివరికి డాక్టరు ధ్రువీకరణ దేనికి కావాలో తెలియకుండా అన్నిటికీ వేలాడుతోంది. మా ప్రతిపాదన ఇది:

‘కాస్మెటిక్ సర్జరీకి, ప్లాస్టిక్ సర్జరీకి, రూపాన్ని మార్చే మరే చికిత్సకైనా అయ్యే ఖర్చులను సంస్థ చెల్లించదు. కింది రెండు సందర్భాలలో మాత్రం ఈ నియమం వర్తించదు. (అ) ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్, వీటిలో ఏ ఒక్కదాని తరువాతనైనా పునర్నిర్మాణం కోసం ఆ చికిత్స జరిగినప్పుడు. (ఆ) బీమా పొందిన వ్యక్తి ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించడానికి, వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగంగా అది జరిగినప్పుడు. దీన్ని వైద్యపరమైన అవసరంగా పరిగణించాలంటే, చికిత్స చేస్తున్న వైద్యుడు ఆ విషయాన్ని ధ్రువీకరించి ఉండాలి.’

‘ప్రత్యక్షంగా, తక్షణంగా’ అన్న రెండు మాటలూ ఉండి తీరాలి. ‘తీవ్రమైన ముప్పు’ అని ఒక్కమాటలో కుదిస్తే, తీవ్రమైనదే అయినా పదేళ్ల తరువాత రాగల ముప్పు కూడా అందులో చేరిపోతుంది. ధ్రువీకరణ వాక్యాన్ని రెండవ సందర్భం వెంటనే ఉంచడం వల్ల మూలంలో అది ఏ మాటను అంటిపెట్టుకుని ఉందో తెలుగులోనూ దానినే అంటిపెట్టుకుంటుంది.

ముందునుంచే ఉన్న వ్యాధుల నిబంధనలో అనువాదకులు ఏమి గమనించాలి?

ఈ నిబంధనలో (Excl01) నాలుగు షరతులు కలిసి పనిచేస్తాయి. నిరీక్షణ కాలం, అంటే ఆ వ్యాధికి సంస్థ చెల్లించని కాలం, మొదటి పాలసీ నుంచి లెక్కకు వస్తుంది. ఆ కాలమంతా బీమా నిరంతరాయంగా కొనసాగి ఉండాలి. వ్యాధిని దరఖాస్తులో వెల్లడించి ఉండాలి. దాన్ని సంస్థ అంగీకరించి కూడా ఉండాలి. చివరి రెండింటిలో ఒకటే రాసిన అనువాదాలు కనిపిస్తుంటాయి. ‘ముందుగా తెలియజేస్తే గడువు తరువాత చెల్లిస్తారు’ అన్న వాక్యం సంస్థ అంగీకారం అన్న షరతును తుడిచివేస్తుంది. దీనితో పాటు, వ్యాధి వల్ల నేరుగా వచ్చే ఉపద్రవాలు కూడా ఈ నిరీక్షణ కాలంలోకి వస్తాయన్న మాటను వదలకూడదు. మధుమేహం ఉన్నవారికి ఈ మాటే అన్నిటికన్నా ముఖ్యం.

నిర్వచనంలోనూ జారిపోయే చోటు ఒకటి ఉంది. వైద్యుడు వ్యాధిని నిర్ధారించినా, చికిత్స లేదా సలహా సిఫారసు చేసినా, అది తీసుకున్నా, పాలసీకి ముందు నిర్వచనంలో చెప్పిన కాలం లోపల ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా అది ముందునుంచే ఉన్న వ్యాధి అవుతుంది. ‘ముందే చికిత్స తీసుకుంటున్న జబ్బు’ అని రాస్తే, డాక్టరు మాత్రలు రాసిచ్చినా వాడని మనిషి తనకు జబ్బు లేదని దరఖాస్తులో రాసే వీలుంటుంది.

బీమా మొత్తం పెంచుకున్నప్పటి షరతును ఒక లెక్కతో పరీక్షించి చూడాలి. ఒకరు 3 లక్షల రూపాయల పాలసీ తీసుకుని, 24 నెలలు గడిచాక పునరుద్ధరణలో దాన్ని 5 లక్షలకు పెంచారనుకుందాం. నిరీక్షణ కాలం 36 నెలలు అనుకుందాం. 2024 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థ అనుమతించిన గరిష్ఠ కాలం అదే, అంతకుముందు 48 నెలలుండేది. ఆ వ్యక్తి 40వ నెలలో, దరఖాస్తులో వెల్లడించగా సంస్థ అంగీకరించిన పాత వ్యాధికి 4 లక్షల చికిత్స చేయించుకుంటే, 3 లక్షల భాగానికి గడువు తీరింది. పెంచిన 2 లక్షల భాగానికి గడువు 60వ నెలలో గాని తీరదు. కాబట్టి ఆ వ్యాధికి అప్పటికి అందుబాటులో ఉన్న గరిష్ఠ పరిమితి 3 లక్షలే. అనువాదంలో ‘బీమా మొత్తం పెంచితే నిరీక్షణ కాలం మళ్లీ మొదలవుతుంది’ అని మాత్రమే ఉంటే, మొత్తం 5 లక్షలకూ మళ్లీ మొదలైందని పాఠకుడు అనుకుంటాడు. ‘పెరిగిన మొత్తం మేరకు మాత్రమే’ అన్న మాటలే అతని 3 లక్షలను కాపాడతాయి.

క్లెయిము గడువులను రాయడంలో ఎక్కువగా జరిగే తప్పు ఏమిటి?

‘ఏది ముందైతే అది’ అన్న మాటలను వదిలివేయడం. అత్యవసరంగా ఆసుపత్రిలో చేరినప్పుడు 24 గంటల లోపు, లేదా డిశ్చార్జికి ముందు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ సమయానికల్లా సంస్థకు లేదా దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏకు తెలియజేయాలని ఆరోగ్య సంజీవని పాఠం చెబుతుంది. తెలుగులో అది ‘24 గంటల లోపు లేదా డిశ్చార్జికి ముందు తెలియజేయాలి’ అని తయారవుతుంది. మన భాషలో ‘లేదా’ అంటే మీకు నచ్చినది ఎంచుకోండి అని అర్థం.

దీని ఫలితం చూడండి. ఒక రోగి సోమవారం ఉదయం 8 గంటలకు అత్యవసరంగా చేరి శుక్రవారం డిశ్చార్జి అయ్యాడనుకుందాం. మూలం ప్రకారం అతని గడువు మంగళవారం ఉదయం 8 గంటలు. సడలిన అనువాదం అతనికి శుక్రవారం వరకు సమయం ఇస్తుంది. మరో రోగి అదే సమయానికి చేరి, 24 గంటలు ఉండనవసరం లేని డే కేర్ చికిత్స పూర్తి చేసుకుని సాయంత్రం 6 గంటలకు ఇంటికి వెళ్లాడనుకుందాం. మూలం ప్రకారం అతని గడువు ఆ సాయంత్రం 6 గంటలే, కాని అనువాదం చదివినవారు మర్నాడు ఉదయం వరకు ఆగవచ్చనుకుంటారు. మూడు చిన్న మాటలు పోవడం వల్ల ఇద్దరూ ఆలస్యమవుతారు.

ముందుగా అనుకుని చేరే చికిత్సకు కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. ఇందులో ‘కనీసం’ తప్పనిసరి. అది లేకపోతే నాలుగు రోజుల ముందు చెప్పడం తప్పేమో అన్న సందేహం వస్తుంది. రీయింబర్స్‌మెంటు పత్రాలకు రెండు వేర్వేరు గడువులున్నాయి. ఆసుపత్రి ఖర్చులకు, అంతకుముందు అయిన ఖర్చులకు డిశ్చార్జి తేదీ నుంచి 30 రోజుల లోపు పంపాలి. డిశ్చార్జి తరువాతి ఖర్చులకు ఆ చికిత్స ముగిసినప్పటి నుంచి 15 రోజుల లోపు పంపాలి. ‘డిశ్చార్జి తరువాత 15 రోజుల్లో’ అని రాస్తే గడువు ఎక్కడినుంచి మొదలవుతుందో మారిపోతుంది. ప్రతి గడువుకూ మూడు విషయాలు పక్కపక్కనే ఉండాలి: ఏ సంఘటన నుంచి, ఎంతకాలం లోపు, ఎవరికి.

కాలమానాన్ని మార్చవద్దు. మూలంలో నెలలుంటే నెలలే, గంటలుంటే గంటలే రాయాలి. ‘24 గంటల లోపు’ను ‘మర్నాటికల్లా’ అని సులభతరం చేయడం కుదరదు. అలాగే, ఆసుపత్రిలో చేరి ఉండటం అన్న నిర్వచనంలో ‘వరుసగా కనీసం 24 గంటలు’ అని ఉంటుంది. ‘వరుసగా’ పోతే, రెండు పూటలు వేర్వేరుగా ఉన్న గంటలు కూడా కలిపి లెక్కించుకుంటారు.

ఆలస్యాన్ని మన్నించే వాక్యాన్ని ఎలా రాయాలి?

తన చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైందని నిరూపించినప్పుడు, బాగోగులను పరిశీలించి ఆలస్యాన్ని మన్నించవచ్చునని పాలసీ చెబుతుంది. ఇక్కడ ‘మన్నించవచ్చు’ అన్నదే సరి. ‘మన్నిస్తారు’ అంటే లేని హామీ ఇచ్చినట్టు, వాక్యాన్నే వదిలేస్తే ఉన్న అవకాశాన్ని తీసేసినట్టు. నిరూపించవలసిన బాధ్యత ఎవరిదో కూడా వాక్యంలో కనిపించాలి. ఆలస్యం ఒక్కటే చూపి యాంత్రికంగా క్లెయిములను తిరస్కరించవద్దని నియంత్రణ సంస్థ 2011లోనే సంస్థలకు చెప్పింది. కనుక ఈ వాక్యం అలంకారానికి ఉన్నది కాదు.

ఇదే సూత్రం పాలసీ అంతటికీ వర్తిస్తుంది. తప్పక జరిగే పనికి ‘చెల్లించదు’, ‘తెలియజేయాలి’ వంటి నిశ్చయ రూపాలు, సంస్థ విచక్షణకు వదిలిన పనికి ‘వచ్చు’ రూపం వాడాలి. ‘చెల్లించకపోవచ్చు’ అన్న రూపం మినహాయింపుల్లో ఎక్కడా ఉండకూడదు, ఎందుకంటే అది అదృష్టం పరీక్షించుకోమని చెప్పినట్టుంటుంది. ‘చెల్లించబడవు’ వంటి కర్మణి రూపాల కన్నా ‘సంస్థ చెల్లించదు’ అని కర్తను చెప్పడం మన భాషకు సహజం, స్పష్టం కూడా.

పరిమితులు, సహ చెల్లింపు గురించి?

ఇవి మినహాయింపులు కాకపోయినా క్లెయిము సమయంలో అంతే బాధ కలిగిస్తాయి కనుక రెండు మాటలు. కంటి శుక్లాల శస్త్రచికిత్సకు ఒక పాలసీ సంవత్సరంలో ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం, 40,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది పరిమితి. లక్ష రూపాయల పాలసీకి అది 25,000, మూడు లక్షల పాలసీకి 40,000 అవుతుంది. ‘ఒక్కో కంటికి’, ‘ఏది తక్కువైతే అది’ రెండూ ఉండాలి. పాలసీదారు తానే భరించవలసిన 5 శాతం సహ చెల్లింపును ‘బిల్లులో 5 శాతం’ అని రాయకూడదు. నిబంధనల ప్రకారం చెల్లించదగినదిగా తేలిన మొత్తంపై మాత్రమే ఆ శాతాన్ని లెక్కిస్తారు, అది కూడా ప్రతి క్లెయిముకూ.

పల్లె పాఠకులకు అర్థం కావాలి కదా, సరళం చేయకూడదా?

తప్పకుండా చేయాలి, కాని వాక్యాలను సరళం చేయాలి, షరతులను కాదు. ఒక పొడవైన ఇంగ్లీషు వాక్యాన్ని నాలుగు తెలుగు వాక్యాలుగా విడగొట్టవచ్చు. మూలంలో ఆరు షరతులుంటే ఆ నాలుగు వాక్యాల్లోనూ కలిపి ఆరు ఉండాలి. ఇందుకు మేము నమ్మే పద్ధతి, అనువాదానికి ముందే మూల వాక్యంలోని ప్రతి షరతుకూ ఒక సంఖ్య వేసి, తరువాత తెలుగు పాఠంలో ఆ సంఖ్యలన్నీ కనిపిస్తున్నాయా అని సరిచూడటం.

వివరణ కోసం ఉదాహరణ చేర్చాలనుకుంటే, దాన్ని నిబంధన లోపల కాకుండా కింద, ‘వివరణ’ అన్న వేరే శీర్షికతో ఉంచాలి. నిబంధనలో కలిసిపోయిన ఉదాహరణ నిబంధనను ఆ ఉదాహరణ వరకే కుదించేస్తుంది. క్లెయిము, డిశ్చార్జి, క్యాష్‌లెస్, ప్రీమియం వంటి మాటలకు కొత్త పదాలు కల్పించనవసరం లేదు. ఆసుపత్రి కౌంటరులో వినబడే మాటలే కాగితం మీదా ఉండాలి. నిబంధన సంఖ్యలను, Excl03 వంటి గుర్తులను యథాతథంగా ఉంచాలి. తల్లిదండ్రులు హనుమకొండలోనో భీమవరంలోనో తెలుగు ప్రతి పట్టుకుని, పాలసీ కొనిచ్చిన కూతురు డాలస్‌లో ఇంగ్లీషు ప్రతి పట్టుకుని ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఇద్దరినీ ఒకే వాక్యం దగ్గరికి చేర్చేది ఆ గుర్తే.

మూలంలోనే తప్పు లేదా అస్పష్టత కనిపిస్తే?

అనువాదకులు తమంతట తాము సరిదిద్దకూడదు. సాహస క్రీడల జాబితాలో హ్యాంగ్ గ్లైడింగ్ అని ఉండవలసిన చోట ప్రామాణిక పాఠంలోనే ‘హ్యాండ్ గ్లైడింగ్’ అని పడింది. అక్కడినుంచి అనేక పాలసీల్లోకి అది అలాగే వెళ్లింది. ఇలాంటిది కనిపిస్తే సంస్థకు లిఖితపూర్వకంగా రాసి, వారి జవాబును అనుసరించాలి. రెండు అర్థాలకు తావిచ్చే మూల వాక్యాన్ని తెలుగులో ఒకే అర్థానికి బిగించడం కూడా షరతును మార్చడమే. తెలుగు వ్యాకరణం రెండు అర్థాలనూ నిలుపుకోనివ్వని చోట, ఏ అర్థం ఉద్దేశించారో సంస్థ నుంచి తెలుసుకున్నాకే రాయాలి.

అనువాదం గట్టిగా ఉందని ఎలా పరీక్షించాలి?

తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి పోల్చడం అంకెలు, జారిపోయిన మాటలను పట్టిస్తుంది. అయితే ‘లేదా’ వంటి చోట్ల ఆ పద్ధతి మోసగిస్తుంది, ఎందుకంటే తిరిగి అనువదించేవారు తమకు తెలియకుండానే సరైన అర్థాన్ని పూరిస్తారు. అంతకన్నా గట్టి పరీక్ష సందర్భాలతో అడగడం. ఇంగ్లీషు ప్రతి చూడని ఒకరికి తెలుగు ప్రతి ఇచ్చి, పైన చెప్పినటువంటి సందర్భాలను ప్రశ్నలుగా అడగాలి: సోమవారం ఉదయం చేరిన రోగికి గడువు ఎప్పటివరకు, 40వ నెలలో ఎంత పరిమితి, సెలవుల్లో రాఫ్టింగుకు వెళ్లినవారికి వస్తుందా రాదా. అవే ప్రశ్నలను సంస్థలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగికి ఇంగ్లీషు ప్రతితో వేయాలి. ఇద్దరి జవాబులు వేరుపడిన ప్రతి చోటా, పాఠకుడి తెలివిని కాక, వాక్యాన్నే అనుమానించాలి.

క్లెయిము తిరస్కరించినప్పటి మార్గం కూడా అనువాదంలో ఉండాలా?

ఉండాలి, అందులోని షరతులతో సహా. ‘అన్యాయం జరిగితే ఓంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు’ అన్న ఒక్క వాక్యం చాలదు. ముందుగా సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సంస్థ దాన్ని తిరస్కరించినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ఒక నెలలోగా జవాబే రాకపోయినా, బీమా ఫిర్యాదులను పరిష్కరించే ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అందుకు అప్పటి నుంచి ఒక సంవత్సరం గడువుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాలసీదారులకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. సంస్థకు ముందుగా రాయాలన్న మెట్టును అనువాదం వదిలేస్తే, నేరుగా ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లిన ఫిర్యాదు అక్కడినుంచి వెనక్కి వస్తుంది. ఈలోగా పడిన శ్రమా, గడిచిన సమయమూ వృథా అవుతాయి.